గ్రాఫైట్ ఖాళీగా, ఆక్సైడ్ నిండుగా: లిథియం అయాన్ సెల్‌లో ఈ జోడీ ఎలా కుదిరింది

ఫ్యాక్టరీలో అప్పుడే సీల్ చేసిన లిథియం అయాన్ సెల్‌లో ఛార్జ్ ఉండదు. రాగి రేకు మీద పూసిన గ్రాఫైట్ పొడిలో ఆ సమయానికి లిథియమే లేదు. అల్యూమినియం రేకు మీద పూసిన నల్లటి ఆక్సైడ్ పొడిలోనే సెల్ జీవితకాలానికి సరిపడే లిథియం అంతా ఉంటుంది. ఎలక్ట్రోలైట్‌లో కరిగిన లవణంలో కాస్త లిథియం ఉన్నా అది అయాన్ల రాకపోకలకు దారి మాత్రమే, నిల్వ కాదు. మొదటిసారి ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ ఆక్సైడ్‌ను వదిలి లిథియం గ్రాఫైట్‌లోకి చేరుతుంది. అక్కడి నుంచి సెల్ పనిచేసినన్నాళ్లూ అదే లిథియం ఆ రెండింటి మధ్య తిరుగుతూ ఉంటుంది.

గ్రాఫైట్‌కు పొరల ఆక్సైడ్‌తోనే జోడీ ఎందుకు కుదిరిందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఒక ఎలక్ట్రోడ్ ఖాళీగా ఉండాలి, రెండోది నిండుగా ఉండాలి. రెండూ గాలిలో పాడవకుండా నిలవాలి. రెండింటి వోల్టేజీలకు మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. ఈ మూడూ ఒకేసారి తీర్చగల జంటలు చాలా తక్కువ.

లిథియం ఈ పదార్థాల్లోకి వెళ్లి రావడాన్ని ఇంటర్‌కలేషన్ అంటారు. ఘనపదార్థపు అమరిక చెదరకుండా, దాని పొరల మధ్య సందుల్లోకి అయాన్ దూరడం, మళ్లీ బయటికి రావడం. మామూలు రసాయన చర్యలో పాత బంధాలు తెగి కొత్త పదార్థం పుడుతుంది. ఇక్కడ పొరలు ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మధ్య దూరం కొద్దిగా మారుతుంది. అందుకే వందలసార్లు, వేలసార్లు ఛార్జ్ చేసినా నిర్మాణం నిలబడుతుంది. అయాన్ లోపలికి వచ్చినప్పుడల్లా బయటి తీగ గుండా ఒక ఎలక్ట్రాన్ కూడా వచ్చి ఆ పదార్థంలో చేరాలి. అయాన్‌కు సందు, ఎలక్ట్రాన్‌కు చోటు, రెండూ ఉంటేనే ఆ పదార్థం ఎలక్ట్రోడ్‌గా పనికొస్తుంది.

గ్రాఫైట్‌ను దగ్గరగా చూద్దాం. కార్బన్ పరమాణువులు షడ్భుజాలుగా అల్లుకున్న పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య దూరం 0.335 నానోమీటర్లు. పొర లోపల బంధాలు చాలా గట్టివి, పొరల మధ్య పట్టు మాత్రం చాలా బలహీనం. లిథియం అయాన్ ఆ సందులోకి దూరి షడ్భుజం నడిమధ్యకు సరిగ్గా ఎదురుగా కూర్చుంటుంది. పక్కపక్క షడ్భుజాల్లో రెండు అయాన్లు కూర్చోలేవు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాబట్టి మూడు షడ్భుజాలకు ఒకటి చొప్పున నిండుతాయి. లెక్కకడితే ఆరు కార్బన్లకు ఒక లిథియం, అంటే LiC6. అప్పటికి పొరల మధ్య దూరం 0.370 నానోమీటర్లకు పెరుగుతుంది. సుమారు పది శాతం వాపు, గ్రాఫైట్ తట్టుకోగలిగినదే.

ఇది నిండే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. లిథియం అన్ని సందుల్లోకీ సమానంగా పరుచుకోదు. మూసుకుని ఉన్న ఒక్కో సందును తెరవడానికి శక్తి ఖర్చవుతుంది, అందుకని తెరిచినదాన్ని ముందు నింపుకోవడమే లాభం. మొదట కొన్ని పొరలకు ఒక సందు నిండుతుంది, తర్వాత ఒకటి విడిచి ఒకటి నిండుతుంది, ఆఖరికి అన్నీ నిండుతాయి. ఒకటి విడిచి ఒకటి నిండిన దశ LiC12, దాని రంగు ఎరుపు. పూర్తిగా నిండిన LiC6 బంగారు రంగులో మెరుస్తుంది. ఛార్జ్ చేసిన సెల్‌ను ల్యాబ్‌లో గాలి తగలకుండా విప్పితే, నల్లగా పూసిన గ్రాఫైట్ బంగారు రేకులా కనిపిస్తుంది. ఏ భాగం ఎంత నిండిందో కంటితోనే చెప్పగలిగే ఎలక్ట్రోడ్ ఇది.

ఇప్పుడు విశిష్ట సామర్థ్యం సంగతి. ఒక గ్రాము పదార్థం ఎంత ఛార్జ్‌ను దాచగలదో చెప్పే సంఖ్య ఇది, గ్రాముకు ఇన్ని ఎంఏహెచ్ అని కొలుస్తారు. దీన్ని తెలుసుకోవడానికి ప్రయోగం అక్కర్లేదు, ఫార్ములా తెలిస్తే చాలు. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఛార్జ్ 96485 కూలుంబులు. ఒక ఎంఏహెచ్ అంటే 3.6 కూలుంబులు. ఆ ఛార్జ్‌ను, ఒక లిథియంకు ఆశ్రయమిచ్చే పదార్థం బరువుతో భాగిస్తే సరి. మోల్‌కు గ్రాముల్లో చూస్తే ఆరు కార్బన్ల బరువు 72, ఆక్సైడ్ వైపు వాడే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్, అంటే LiCoO2 బరువు 97.9.

```
96485 ÷ 3.6  = 26801 mAh
26801 ÷ 72   = 372 mAh/g   (LiC6)
26801 ÷ 97.9 = 274 mAh/g   (LiCoO2)
```

ఈ లెక్కలోనే ఒక విషయం బయటపడుతుంది. లిథియంకు ఆశ్రయమిచ్చే పదార్థం ఎంత బరువైతే సామర్థ్యం అంత తగ్గుతుంది. కోబాల్ట్, నికెల్, మాంగనీస్ వంటి లోహాలు కార్బన్ కంటే చాలా బరువైనవి. కాబట్టి ఆక్సైడ్ ఉన్న ఎలక్ట్రోడ్, అంటే కాథోడ్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఇది తయారీలో లోపం కాదు, ఆవర్తన పట్టికలోనే ఉన్న పరిమితి. మరి అంత బరువైన లోహం ఎందుకంటే, ఎలక్ట్రాన్‌ను అధిక వోల్టేజీ దగ్గర ఇచ్చి పుచ్చుకునేది అదే.

వోల్టేజీ విషయానికి వస్తే, 1970లలో ఎక్సాన్‌లో స్టాన్లీ విట్టింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్‌తో పనిచేశారు. అదీ పొరల పదార్థమే, లిథియం అందులోకి చక్కగా వెళ్లి వచ్చేది. కానీ రెండు చిక్కులున్నాయి. లిథియం లోహంతో పోల్చితే దాని వోల్టేజీ 2.5 దాటదు. పైగా కాథోడ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఎదుటి ఎలక్ట్రోడ్‌గా, అంటే ఆనోడ్‌గా లిథియం లోహాన్నే పెట్టాలి. లోహం మీద లిథియం తిరిగి పేరుకున్నప్పుడు సూదుల్లా పెరిగి రెండు ఎలక్ట్రోడ్లనూ విడదీసే సెపరేటర్ పొరను చీల్చుకుని అవతలి ఎలక్ట్రోడ్‌ను తాకే ప్రమాదం ఉంది. లోహపు లిథియం సెల్స్ మార్కెట్లోకి వచ్చాక మంటలు రేగి, 1989లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ వేరే దారి పట్టారు. సల్ఫైడ్‌లో సల్ఫర్ ఎలక్ట్రాన్ల శక్తి స్థాయి ఎత్తులో ఉంటుంది. లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగుతూ వోల్టేజీ పెంచుకుంటూ పోతే, కొంత దూరం వెళ్లాక లోహానికి బదులు సల్ఫరే ఎలక్ట్రాన్లు కోల్పోతుంది. ఆక్సిజన్ స్థాయి అంతకంటే కిందుంటుంది, కాబట్టి ఆక్సైడ్‌లో ఇంకా పై వోల్టేజీ వరకూ లాగవచ్చు. 1980లో కోయిచి మిజుషిమాతో కలిసి ఆయన LiCoO2ను ముందుకు తెచ్చారు. వోల్టేజీ సుమారు 4 వోల్టులకు చేరింది. అంతకు మించిన మలుపు ఒకటి ఇందులో ఉంది, దాని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. ఈ పదార్థం పుట్టుకతోనే లిథియంతో నిండి ఉంటుంది, ఆ నిండు స్థితిలో గాలిలో పొడిగా నిల్వ ఉంటుంది. లిథియం కాథోడ్ నుంచే వస్తుంది కాబట్టి ఆనోడ్ వైపు లోహం పెట్టాల్సిన అవసరమే పోయింది. ఖాళీ కార్బన్ చాలు. 1985లో అకిరా యోషినో పెట్రోలియం కోక్‌ను ఆనోడ్‌గా పెట్టి ఈ ఏర్పాటును చేసి చూపారు. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన సెల్‌కు ఇదే మూలం. విట్టింగ్‌హామ్, గుడినఫ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

LiCoO2లో ఆక్సిజన్ పరమాణువులు దట్టంగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య ఒక వరుసలో కోబాల్ట్, తర్వాతి వరుసలో లిథియం, మళ్లీ కోబాల్ట్, ఇలా సాగుతుంది. లిథియం తన వరుసలోనే రెండు దిశల్లో అటూ ఇటూ జరుగుతుంది. గ్రాఫైట్‌లోనూ అంతే. రెండు వైపులా పొరలే కాబట్టి రెండు వైపులా అయాన్‌కు దారి తెరిచే ఉంటుంది.

అయితే కాగితం మీద 274 ఎంఏహెచ్ ఉన్న LiCoO2 నుంచి మొదటి తరాల సెల్స్ 140 ప్రాంతమే తీసుకునేవి. గ్రాఫైట్ విషయంలో 372లో 350 వరకూ నిజంగానే దక్కుతుంది. ఆక్సైడ్ దగ్గర సగం ఎందుకు ఆగిపోయింది?

గ్రాఫైట్ నుంచి లిథియం మొత్తం తీసేసినా మిగిలేది స్థిరమైన గ్రాఫైటే. ఆక్సైడ్ అలా కాదు. లిథియం తన ధనావేశంతో ఎదురెదురు ఆక్సిజన్ పొరలను కట్టిపడేస్తుంది. కొంత తీస్తే ఆక్సిజన్లు ఒకదాన్నొకటి నెట్టుకుని పొరలు కాస్త దూరం జరుగుతాయి. సగం తీసేసరికి మిగిలిన లిథియం వరుసగా సర్దుకుని నిర్మాణంలో చిన్న మార్పు వస్తుంది, అది తట్టుకోగలిగినదే. ఇంకా లాగితే పొరలు ఒక్కసారిగా దగ్గరకు కుంగుతాయి, గుళికల్లో పగుళ్లు వస్తాయి. అక్కడ కోబాల్ట్, ఆక్సిజన్ శక్తి స్థాయిలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఎలక్ట్రాన్లను ఇప్పుడు ఆక్సిజనే ఇస్తుంది. ఎలక్ట్రాన్ కోల్పోయిన ఆక్సిజన్ పదార్థాన్ని వదిలిపోతుంది. వేడెక్కిన సెల్‌లో ఆక్సిజన్ బయటికి వస్తే ఎలక్ట్రోలైట్ మండటానికి కావలసింది లోపలే దొరికినట్టు. 4.2 వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆపడం ఈ కారణంగా వచ్చిన పద్ధతే. అల్యూమినియం, మెగ్నీషియం వంటివి కొద్దిగా కలిపి, గుళికల పైన పూత వేసి, ఇప్పటి ఫోన్ సెల్స్ 4.4 వోల్టులు దాటి వెళ్తున్నాయి. కోబాల్ట్ స్థానంలో ఎక్కువ భాగం నికెల్ పెట్టిన పొరల ఆక్సైడ్లు గ్రాముకు 200 ఎంఏహెచ్ దాకా ఇస్తాయి. వాటికీ ఆక్సిజన్ బెడద ఉంది, నికెల్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

ఒక చిన్న సెల్‌ను లెక్క కట్టి చూద్దాం. కాథోడ్ వైపు 10 గ్రాముల LiCoO2 ఉందనుకుందాం. మొదటి ఛార్జింగ్‌లో గ్రాముకు 140 చొప్పున 1400 ఎంఏహెచ్ లిథియం బయల్దేరుతుంది. గ్రాఫైట్ గ్రాముకు 350 దాచగలిగితే దానికి 4 గ్రాములు సరిపోవాలి. కానీ సరిగ్గా 4 గ్రాములు పెట్టకూడదు. పూత మందంలో కొద్దిపాటి తేడా ఉన్నా, ఎక్కడో ఒక మూల గ్రాఫైట్ ముందే నిండిపోతుంది. నిండిన చోటికి ఇంకా లిథియం వస్తే అది లోహంగా పైన పేరుకోవడం తప్ప దారి లేదు. అందుకని పదో వంతు ఎక్కువగా, 4.4 గ్రాములు పెడతారు. ఆనోడ్ పూతను కాథోడ్ కంటే నాలుగు వైపులా కొంచెం వెడల్పుగా వేయడం కూడా అంచుల దగ్గర ఇదే జరగకుండా చూడటానికే. అలాగని గ్రాఫైట్‌ను మరీ ఎక్కువ పెడితే అనవసరపు బరువు, దానితో పాటు మరో నష్టం.

ఆ నష్టం ఎలక్ట్రోలైట్ నుంచి వస్తుంది. నిండిన గ్రాఫైట్ వోల్టేజీ లిథియం లోహం కంటే 0.085 వోల్టులే ఎక్కువ. అంత తక్కువ వోల్టేజీ దగ్గర ఏ సేంద్రియ ద్రావణీ నిలవదు, గ్రాఫైట్ ఉపరితలాన్ని తాకి విచ్ఛిన్నమవుతుంది. శాస్త్రం ప్రకారం ఈ జంట అసలు పనిచేయకూడదు. పనిచేయడానికి కారణం, ఆ విచ్ఛిన్నమైన పదార్థమే గ్రాఫైట్ మీద పలుచటి పొరగా అతుక్కుని అయాన్లను వెళ్లనిచ్చి ఎలక్ట్రాన్లను ఆపేయడం. దీన్ని ఎస్‌ఈఐ పొర అంటారు. అది ఏర్పడటానికి లిథియం ఖర్చవుతుంది, ఆ లిథియం మళ్లీ తిరిగిరాదు. మన సెల్‌లో మొదటి ఛార్జింగ్‌లో ఎనిమిది శాతం ఇలా పోయిందనుకుంటే, 1400లో 112 ఎంఏహెచ్ మాయమై 1288 మిగులుతుంది. సెల్ ఇక ఎప్పటికీ 1288తోనే బతకాలి. గ్రాఫైట్ ఉపరితలం ఎంత ఎక్కువైతే ఈ పొరకు అంత లిథియం కావాలి, ఎక్కువ గ్రాఫైట్ వల్ల వచ్చే నష్టం అదే.

ఈ పొర కుదరకే గ్రాఫైట్ చాలాకాలం పక్కన ఉండిపోయింది. 1980 ప్రాంతంలోనే రషీద్ యజామి పాలిమర్ ఎలక్ట్రోలైట్‌తో గ్రాఫైట్‌లోకి లిథియం వెళ్లి వస్తుందని చూపించారు. ద్రవ ఎలక్ట్రోలైట్‌లో మాత్రం అది నిలిచేది కాదు. అప్పట్లో అందరూ వాడే ద్రావణి ప్రొపిలీన్ కార్బొనేట్. లిథియం అయాన్ తనను చుట్టుకున్న ఆ అణువులను కూడా వెంటబెట్టుకుని పొరల మధ్యకు దూరేది, పొరలు ఊడి గ్రాఫైట్ పొట్టుపొట్టుగా రాలిపోయేది. కోక్‌లో పొరలు అస్తవ్యస్తంగా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఊడవు, కానీ దాని సామర్థ్యం తక్కువ. సోనీ తొలి సెల్‌లో కోక్ వాడటానికి కారణం ఇదే. 1990లో జెఫ్ డాన్ బృందం ఇథిలీన్ కార్బొనేట్ కలిపితే గ్రాఫైట్ మీద గట్టి పొర ఏర్పడి, నష్టం దాదాపు మొదటి ఛార్జింగ్‌తో ఆగిపోతుందని చూపింది. ఈ రెండు ద్రావణుల అణువుల మధ్య తేడా ఒక్క మిథైల్ సమూహం. ఒకటి గ్రాఫైట్‌ను చీల్చేస్తుంది, మరొకటి కాపాడుతుంది. ఇథిలీన్ కార్బొనేట్ గది ఉష్ణోగ్రతలో గడ్డగా ఉంటుంది కాబట్టి డైమిథైల్ కార్బొనేట్ వంటి పలుచటి ద్రావణిలో కలిపి వాడతారు.

రేకుల ఎంపిక కూడా ఈ వోల్టేజీలను బట్టే. అల్యూమినియం తేలిక, చవక, కానీ గ్రాఫైట్ వోల్టేజీ దగ్గర లిథియంతో కలిసి మిశ్రమలోహమై పెళుసైపోతుంది. రాగికి ఆ బాధ లేదు. సెల్‌ను మరీ లోతుగా డిశ్చార్జ్ చేస్తే మాత్రం ఆనోడ్ వోల్టేజీ పైకి పాకి రాగే కరగడం మొదలవుతుంది. అలా పూర్తిగా ఖాళీ చేసి చాలాకాలం వదిలేసిన సెల్‌ను తిరిగి ఛార్జ్ చేయవద్దనడానికి కారణం ఇది. కరిగిన రాగి మళ్లీ ఎక్కడో పేరుకుని లోపలే షార్ట్ చేయవచ్చు.

గ్రాఫైట్ బలం, బలహీనత రెండూ ఆ 0.085 వోల్టుల్లోనే ఉన్నాయి. లిథియం లోహానికి అంత దగ్గరగా ఉండబట్టే సెల్‌కు సగటున 3.7 వోల్టులు వస్తున్నాయి. లిథియం టైటనేట్ ఆనోడ్ పెడితే దాని వోల్టేజీ 1.55, సెల్ వోల్టేజీ 2.4 దగ్గరకు పడిపోతుంది, భద్రత పెరుగుతుంది కానీ శక్తిలో మూడో వంతుకు పైగా పోతుంది. గ్రాఫైట్‌తో ఆ శక్తి మిగులుతుంది, ప్రమాదపు అంచు కూడా దగ్గరే ఉంటుంది. వేగంగా ఛార్జ్ చేసినా, చలిలో ఛార్జ్ చేసినా అయాన్లు పొరల్లోకి దూరే వేగం చాలదు. ఉపరితలం వోల్టేజీ లిథియం లోహం కంటే కిందికి జారుతుంది, లోహం పేరుకుంటుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చాలా పరికరాలు ఛార్జింగ్‌ను అడ్డుకునేది అందుకే.

లోహం పేరుకుందో లేదో సెల్ విప్పకుండానే కనిపెట్టవచ్చు. ఛార్జింగ్ ఆపి సెల్‌ను ఊరికే వదిలేస్తే వోల్టేజీ మెల్లగా, నునుపైన వంపుతో దిగాలి. మధ్యలో కాసేపు మెట్టులా నిలబడి తర్వాత దిగిందంటే, పేరుకున్న లిథియం తిరిగి గ్రాఫైట్‌లోకి దూరుతోందని అర్థం. విప్పి చూస్తే బంగారు రంగు మీద బూడిదరంగు మరకలు కనిపిస్తాయి. సెల్ సామర్థ్యం తగ్గినప్పుడు నేరం ఏ వైపుదో కూడా తేల్చవచ్చు. చాలా తక్కువ కరెంటుతో డిశ్చార్జ్ చేసి, ఛార్జ్‌తో వోల్టేజీ మారే రేటును గీస్తే, గ్రాఫైట్ LiC12 దశ దాటే చోట ఒక శిఖరం వస్తుంది. గ్రాఫైట్ శిఖరాల మధ్య దూరం తగ్గితే గ్రాఫైటే దెబ్బతింది. ఆ దూరం అలాగే ఉండి, కాథోడ్ గుర్తులతో పోల్చితే శిఖరాలన్నీ పక్కకు జరిగితే గ్రాఫైట్ బాగానే ఉంది, తిరగాల్సిన లిథియమే ఖర్చైపోయింది. మామూలు వాడకంలో ఎక్కువగా కనిపించేది రెండోదే.

గ్రాఫైట్ కంటే పది రెట్లు దాచే సిలికాన్ ఉండగా ఇంకా గ్రాఫైట్ ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. సిలికాన్ గ్రాముకు సుమారు 3580 ఎంఏహెచ్ దాచగలదు. కానీ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల బరువూ మోయాలి. గ్రాముకు 140 ఇచ్చే కాథోడ్‌కు గ్రాముకు 372 దాచే గ్రాఫైట్ జోడిస్తే, రెండింటి బరువుకూ కలిపి గ్రాముకు 102 వస్తుంది. గ్రాఫైట్ తీసి సిలికాన్ పెడితే 135. పది రెట్ల ఆనోడ్ ఇచ్చింది మూడో వంతు లాభం. అదే గ్రాఫైట్‌ను ఉంచి, కాథోడ్‌ను 140 నుంచి 200కు పెంచినా 130 వస్తుంది. బరువంతా ఆక్సైడ్ వైపే ఉన్నప్పుడు ఆనోడ్‌ను ఎంత తేలిక చేసినా దక్కేది ఇంతే. ఆ మూడో వంతుకు కూడా ధర చెల్లించాలి. గ్రాఫైట్ పది శాతం వాస్తే సిలికాన్ మూడు నాలుగు రెట్ల పరిమాణానికి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడల్లా ఎస్‌ఈఐ పొర పగిలి కొత్త ఉపరితలం బయటపడుతుంది, అక్కడ మళ్లీ పొర కట్టడానికి లిథియం ఖర్చవుతుంది, ఆ లిథియం రావాల్సింది మళ్లీ ఆక్సైడ్ నుంచే. ఇప్పుడు మార్కెట్లో ఉన్న చాలా సెల్స్‌లో గ్రాఫైట్‌కు సిలికాన్‌ను కొద్ది శాతమే కలుపుతున్నారు. వాటా పెంచాలనుకునేవాళ్లు ఆనోడ్‌కు సెల్ కూర్చక ముందే కొంత లిథియం పట్టిస్తున్నారు. అలా చేసిన ఆనోడ్ గాలి, తేమ తగిలితే పాడవుతుంది కాబట్టి, ఖాళీ గ్రాఫైట్‌కు అక్కర్లేని పొడి గదుల కట్టుదిట్టం దానికి కావాలి.